ఊళ్ళో ఒక్కటే మిల్లు ఉంటే కూలీ, పని రెండూ ఎందుకు తగ్గుతాయి?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఊళ్ళో చెనక్కాయల మిల్లు ఒక్కటే ఉంది. మా అమ్మ అక్కడ పప్పు ఏరే పనికి పోతుంది, రోజుకు 300. నేను బి.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నా. పనికి పిలిచేవాడు ఒక్కడే ఉండే మోనోప్సనీలో కూలీ తక్కువ, ఉపాధి కూడా తక్కువ అని పుస్తకంలో ఉంది. కూలీ తక్కువైతే ఇంకా ఎక్కువ మందిని పెట్టుకోవాలి కదా? మిల్లు సావుకారేమో కూలీ పెంచితే సగం మందిని తీసేస్తానంటాడు. ఎవరిది కరెక్ట్? లెక్కతో చెప్పండి.

జవాబు:

చిక్కంతా ఆ 300 ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. మనం సంతకు పోతే టమాటా ధర మనం పెట్టింది కాదు. ఒక కేజీ కొన్నా నాలుగు కేజీలు కొన్నా రేటు అదే, అందుకే చవకైతే ఎక్కువ కొంటాం. మీ ఊరి సావుకారుకు కూలీ అలాంటి ధర కాదు. ఊళ్ళో ఆ పనికి మనుషుల్ని పిలిచేది ఆయన ఒక్కడే కాబట్టి, ఎంతమందిని పిలుస్తాడన్న దాన్ని బట్టే రేటు కదులుతుంది. ఎక్కువ మంది కావాలంటే రేటు పెంచాలి. తక్కువ మంది చాలనుకుంటే తక్కువ రేటుకే సరిపోతుంది. కాబట్టి కూలీ తక్కువగా ఉన్నా మనుషుల్ని ఎందుకు పెంచలేదు అని అడగకూడదు. మనుషుల దగ్గర ఆపేశాడు కాబట్టే కూలీ అక్కడ నిలబడింది. ఆ రెండూ ఆయన తీసుకున్న ఒకే నిర్ణయం.

లెక్క వేద్దాం. మీరు చెప్పిన 300 ఒక్కటే మీ ఊరిది. మిగతా అంకెలన్నీ లెక్క తేలిగ్గా తెమలాలని నేను వేసుకున్నవి.

ముందుగా, ఆ పనికి ఎవరు ఎంతకు వస్తారో చూడాలి. మిల్లు పక్క వీధిలో ఉండి, సొంత సేద్యం లేని మనిషి తక్కువకైనా వస్తుంది, ఎందుకంటే ఇంట్లో కూర్చుంటే ఆ రోజుకు ఏమీ రాదు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న ఆమె బిడ్డను ఎవరికో అప్పజెప్పి రావాలి, కాబట్టి ఇంకొంచెం ఎక్కువ అడుగుతుంది. నాలుగు మేకలున్న ఆమె వాటిని తోలుకుపోయేది మానుకుని రావాలి. వంక అవతలి పల్లె నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆటో ఖర్చు చూసుకుంటారు. టమాటా తోటల్లో కోతకు పోయే గుంపు అక్కడి కూలీ కంటే పైకొస్తేనే మిల్లు వైపు చూస్తుంది. ఇలా ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఉంటుంది. అందరినీ తక్కువ అడిగేవాళ్ళ నుంచి ఎక్కువ అడిగేవాళ్ళ దాకా వరుసగా నిలబెడితే అదే శ్రమ సప్లై రేఖ. మన లెక్కలో మొదటి మనిషి 155కు వస్తుంది, రెండో మనిషి 160కి, ఆ తర్వాత ఒక్కొక్కరికి 5 రూపాయలు పెరుగుతూ పోతుంది అనుకుందాం. L మంది కావాలంటే రోజు కూలీ ఇంత ఉండాలి:

```
w = 150 + 5L
```

30 మంది కావాలంటే 300, 45 మంది కావాలంటే 375.

ఇక మిల్లుకు ఒక్కో మనిషి వల్ల వచ్చే ఆదాయం. కాయ మిషన్లో పడి పొట్టు వేరై, పప్పు కిందికొస్తుంది. ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని కుప్పల పక్కన కూర్చుంటారు. ముడత పడినవి, బద్దలైనవి, పైతోలు ఊడినవి, నల్లబడినవి తీసేస్తారు. ఏరిన మంచి పప్పు తినడానికి పనికొచ్చే రకంగా మంచి రేటుకు పోతుంది. ఏరనిది, ఏరగా మిగిలినది నూనెకు పోతుంది, దానికి తక్కువ రేటు. మనుషులు కొద్దిమందే ఉంటే సావుకారు లావు గింజ ఉన్న మంచి లాటునే వాళ్ళ ముందు పోయిస్తాడు, ఎందుకంటే ఏరినందుకు ఎక్కువ లాభం అందులోనే. మనుషులు పెరిగే కొద్దీ అంతకంటే నాసి లాట్లు కూడా ఏరిస్తారు. వాటిలో ఏరిన దానికీ ఏరని దానికీ ధరలో తేడా తక్కువ. అందుకని వెనక చేరిన మనిషి వల్ల వచ్చే అదనపు ఆదాయం ముందు చేరిన మనిషి వల్ల వచ్చిన దానికంటే తక్కువ ఉంటుంది. ఆమె పని తక్కువ చేస్తుందని కాదు, ఆమె ముందున్న కుప్ప వేరు. పుస్తకంలో దీన్నే మార్జినల్ రెవెన్యూ ప్రాడక్ట్ అంటారు. మన లెక్కలో, మిగతా ఖర్చులు పోను, Lవ మనిషి వల్ల రోజుకు అదనంగా వచ్చేది:

```
MRP = 600 - 5L
```

ఇప్పుడు మోనోప్సనీ గుట్టు ఉన్న చోటికి వచ్చాం. ఇక్కడ నిదానంగా చదవండి.

మిల్లులో 30 మంది పని చేస్తున్నారు, కూలీ 300. సావుకారు 31వ మనిషిని పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఆమె 305కు తక్కువైతే రాదు. ఆమె వల్ల వచ్చే ఆదాయం 600 నుంచి 155 తీసేస్తే 445. 305 ఇచ్చి 445 సంపాదించేటప్పుడు పెట్టుకోవాల్సిందే కదా అనిపిస్తుంది. కానీ ఆమెకు 305 ఇస్తే సాయంత్రానికి ఆ సంగతి మిగతా 30 మందికీ తెలిసిపోతుంది. ఒకే చోట కూర్చుని, ఒకే పని చేసి, ఒకే ఆటోలో ఇంటికి పోయే మనుషులు వాళ్ళు. "నిన్న మొన్న వచ్చినామెకు 305, ఇన్నేళ్ళ నుంచి చేస్తున్న మాకు 300నా?" అని మరుసటి రోజే నిలదీస్తారు. కాబట్టి అందరికీ 305 చేయాలి. అంటే ఆ ఒక్క మనిషిని తెచ్చుకోవడానికి ఆయన ఖర్చు 305 కాదు. ఆమెకు 305, పాతవాళ్ళు 30 మందికి తలా 5 చొప్పున 150, మొత్తం 455. వచ్చేది 445. పది రూపాయల నష్టం, అందుకని పెట్టుకోడు.

అదే 30వ మనిషి దగ్గర చూడండి. ఆమెకు 300, అప్పటికే ఉన్న 29 మందికి తలా 5 చొప్పున 145, మొత్తం 445. ఆమె వల్ల వచ్చేది 450. ఐదు రూపాయలు మిగులుతున్నాయి, పెట్టుకుంటాడు. ఆయన లెక్క సరిగ్గా 30 దగ్గర ఆగుతుంది. అక్కడ కూలీ 300, కానీ ఆఖరి మనిషి వల్ల మిల్లుకు వస్తున్నది 450.

పరీక్షలో రాయడానికి ఇదే సంగతి డెరివేటివ్‌తో ఇలా వస్తుంది:

```
మొత్తం కూలీ ఖర్చు:   TC = wL = 150L + 5L²
అదనపు ఖర్చు:        MC = dTC/dL = 150 + 10L
లాభం గరిష్ఠం:         150 + 10L = 600 - 5L
                     15L = 450,  L = 30
కూలీ:               w = 150 + 5×30 = 300
```

మనిషి మనిషిగా వేసిన లెక్కలో 30వ మనిషి ఖర్చు 445 వచ్చింది, ఈ సూత్రంలో 450 వస్తుంది. మనుషుల్ని ఒక్కొక్కరిగా లెక్కపెట్టడానికీ గీతను నున్నగా గీయడానికీ ఉన్న తేడా అది, సమాధానం మారదు. గమనించాల్సింది ఏమిటంటే, సప్లై రేఖ వాలు 5 ఉంటే అదనపు ఖర్చు రేఖ వాలు 10. రెండూ 150 దగ్గరే మొదలవుతాయి, కానీ ఒకటి రెండో దానికంటే రెట్టింపు నిటారుగా పోతుంది. ఆ మధ్య ఖాళీ అంతా పాతవాళ్ళకు పెంచాల్సి వచ్చే డబ్బే.

చాలామంది విద్యార్థులు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. MC, MRP రేఖలు కోసుకున్న చోట ఎత్తు 450 కాబట్టి కూలీ 450 అని రాసేస్తారు. ఆ బిందువు చెప్పేది ఎంతమంది అన్నది మాత్రమే. ఆ 30 దగ్గర నుంచి నిట్టనిలువుగా కిందికి దిగి సప్లై రేఖను తాకిన చోట కూలీ చదవాలి. 30 మంది 300కే వస్తున్నప్పుడు ఆయన 450 ఎందుకిస్తాడు?

ఇదే పని చేయించే మిల్లులు మీ చుట్టుపక్కల చాలా ఉన్నాయనుకోండి. అప్పుడు ఏ ఒక్క మిల్లూ రేటును కదిలించలేదు. 5 తగ్గిస్తే మనుషులు పక్క గేటుకు పోతారు, 5 పెంచాల్సిన అవసరం ఉండదు. ఒక్కో మిల్లుకు అదనపు మనిషి ఖర్చు అంటే ఆమె కూలీ మాత్రమే. అందుకని MRP కూలీకి సమానమయ్యే దాకా పెట్టుకుంటూ పోతారు. 150 + 5L = 600 - 5L, అంటే L = 45, w = 375. దీంతో పోలిస్తే మీ మిల్లులో 15 మందికి పని లేదు, ఉన్నవాళ్ళకు రోజుకు 75 తక్కువ. పుస్తకంలో రాసింది ఇదే.

ఆ 15 మంది గురించి కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే వాళ్ళు ఎవరి లెక్కలోనూ కనిపించరు. వంక అవతలి పల్లెలోని 36వ మనిషిని తీసుకోండి. ఆమె 330 ఇస్తే వస్తుంది. ఆమె వల్ల మిల్లుకు 420 వస్తుంది. ఇద్దరికీ లాభమే, అయినా ఆ పని జరగదు. ఇలా 31 నుంచి 45 దాకా కలిపితే రోజుకు 1,050 రూపాయల విలువైన పని అసలు పుట్టకుండానే పోతోంది. పోటీ ఉన్నప్పటితో పోలిస్తే సావుకారుకు రోజుకు 1,725 ఎక్కువ మిగులుతోంది. ఆడవాళ్ళకు 2,775 తగ్గుతోంది. ఆయన జేబులోకి చేరినది, వాళ్ళు పోగొట్టుకున్న దానికంటే తక్కువ. ఆ తేడానే ఈ 1,050. కూలీ చేతులు మారడం ఒక అన్యాయం అనుకుంటే, ఎవరికీ దక్కకుండా పోయే ఈ డబ్బు ఇంకో నష్టం. నా దృష్టిలో మోనోప్సనీ పాఠంలో అన్నింటికంటే ముఖ్యమైన అంకె ఇదే, కానీ క్లాసులో దీన్ని రెండు నిమిషాల్లో దాటేస్తారు.

ఏ ఊళ్ళో ఈ దెబ్బ ఎక్కువ, ఏ ఊళ్ళో తక్కువ అన్నది ఒకే కొలతతో తేలుతుంది. కూలీ ఒక శాతం పెంచితే వచ్చే మనుషులు ఎంత శాతం పెరుగుతారు అన్నదే సప్లై ఎలాస్టిసిటీ, దాన్ని e అందాం. అదనపు ఖర్చును w(1 + 1/e) అని రాయవచ్చు. దాన్ని MRPకి సమానం చేస్తే:

```
(MRP - w) / w = 1/e
```

మన మిల్లులో 30 మంది దగ్గర e = (1/5) × (300/30) = 2. కాబట్టి ఎడమ పక్క సగం రావాలి. (450 - 300) / 300 అంటే సగమే. మనుషులకు వేరే దారులు ఉండే కొద్దీ e పెరుగుతుంది, తేడా కరిగిపోతుంది. సాయంత్రం లోపల ఇల్లు చేరాల్సిన ఆడవాళ్ళకు రాయదుర్గం జీన్స్ యూనిట్లలో పని ఉన్నా లేనట్టే. వాళ్ళ వరకు ఊళ్ళో యజమాని ఒక్కడే. అదే ఊళ్ళో బండి ఉన్న మగపిల్లలకు నాలుగైదు చోట్లు ఉంటాయి. ఒకే మిల్లులో ఆడవాళ్ళ కూలీకీ మగవాళ్ళ కూలీకీ తేడా ఉండటానికి ఇది ఒక్కటే కారణం అనను కానీ, ఇది తప్పకుండా ఒక కారణం. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లు పక్కపక్కనే ఉంటాయి, అక్కడ e ఎక్కువ ఉండాలి. అయితే యజమానులంతా ఒక చోట కూర్చుని ఇంతకంటే ఎవరూ ఇవ్వొద్దని అనుకుంటే, ఇరవై గేట్లు ఉన్నా ఒక్క గేటు ఉన్నట్టే. కూలీ పెంచకూడదని యజమానులు ఎప్పుడూ లోలోపల ఒక మాట మీద ఉంటారని 1776లోనే ఆడం స్మిత్ రాశాడు. మోనోప్సనీ అన్న పేరును, ఈ రేఖల లెక్కను 1933లో తన పుస్తకంతో వాడుకలోకి తెచ్చింది ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్.

ఇక మీ సావుకారు మాట. కూలీ పెంచితే మనుషుల్ని తీసేస్తానన్నది పోటీ ఉన్న చోట నిజమే. ఆయన చోట ఒక హద్దు దాకా నిజం కాదు.

ప్రభుత్వమో, ఆడవాళ్ళ సంఘమో 375కు తక్కువ ఒప్పుకునేది లేదని కట్టడి చేసిందనుకోండి. ఇప్పుడు ఎలాగూ అందరికీ 375 ఇవ్వాల్సిందే. 31వ మనిషిని చేర్చుకుంటే పాతవాళ్ళకు కొత్తగా పెంచాల్సింది ఏమీ లేదు. ఆయన్ను ఇంతకుముందు ఆపిన ఆ 150 మాయమైంది. 31వ మనిషి ఖర్చు 375, ఆమె వల్ల వచ్చేది 445. పెట్టుకుంటాడు. 45 దాకా పెట్టుకుంటూ పోతాడు. కూలీ పెరిగింది, మనుషులూ పెరిగారు. ఇది వింతగా కనిపించేది, పాత ఖర్చులో ఆ దాగిన భాగాన్ని మరచిపోయినప్పుడే.

ఇంకా పైకి పోతే? 400 అని కట్టడి చేస్తే MRP 400 అయ్యేది 40 మంది దగ్గర. 375 కంటే మనుషులు తగ్గారు, కానీ మొదటి 30 కంటే ఎక్కువే. పైగా 400కు 50 మంది రావడానికి సిద్ధం, పదిమంది గేటు బయట నిలబడతారు. 450 అంటే సరిగ్గా 30 మంది, అంటే ఇప్పుడున్నంత మందే, కూలీ మాత్రం ఒకటిన్నర రెట్లు. 450 దాటితేనే మనుషులు ఇప్పటి కంటే తగ్గడం మొదలవుతుంది. సగం మందిని, అంటే 15 మందిని తీసేయాలంటే కూలీ 525కు చేరాలి. కాబట్టి ఆయన మాట పూర్తిగా అబద్ధం కాదు, ఏ రేటు దగ్గర అన్నది చెప్పకుండా అన్న మాట. ఈ లెక్క ప్రకారం 300కూ 450కీ మధ్య ఎక్కడ అన్నా అది తప్పు.

కానీ ఆయన పక్షాన ఒక మాట చెప్పకపోతే నేను లెక్క దాచినట్టే. ఇప్పటిదాకా మనం చూసింది మిల్లు నడుస్తున్నప్పుడు ఎంతమందిని పెట్టుకుంటాడన్నది. షెడ్డు బాడుగ, కరెంటు కనెక్షన్ చార్జీ, కాయ కొనడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇవన్నీ మనుషులు ఎంతమంది ఉన్నా ఒకటే. 300 కూలీ మీద 30 మందితో, కూలీలు పోను ఆయనకు రోజుకు 6,675 మిగులుతుంది. 375 మీద 45 మందితో 4,950 మిగులుతుంది. ఈ స్థిర ఖర్చులు రోజుకు 5,500 అయితే, 375 దగ్గర ఆయన మనుషుల్ని తగ్గించడు, కొన్నాళ్ళకు మిల్లుకే తాళం వేస్తాడు. అలాంటి మిల్లులో 340 అని కట్టడి చేస్తే 38 మంది వస్తారు, ఆయనకు 6,175 మిగులుతుంది, మిల్లు నడుస్తుంది. కట్టడి మంచిదే కానీ ఎంత దగ్గర అన్నది ఆ మిల్లు పద్దులు చూడకుండా చెప్పలేం. కూలీ పెంచమని అడిగేవాళ్ళు మొదట అడగాల్సింది కూడా ఆ పద్దులే.

ఈ లెక్కంతా ఒకే పనికి అందరికీ ఒకే రేటు అన్న దాని మీద నిలబడింది. మనిషిని బట్టి రేటు ఇవ్వగలిగితే కథ మారుతుంది. పండగ ముందు ఒకరికి అడ్వాన్స్, ఇంకొకరికి ఆటో ఖర్చు, మేస్త్రీ చేత గుట్టుగా మరొకరికి పైన పది రూపాయలు, ఇలా ఎవరికి ఎంత తగ్గితే రారో సరిగ్గా అంతే ఇచ్చే యజమానికి పాతవాళ్ళకు పెంచాల్సిన బెడద ఉండదు. అప్పుడు ఆయన 45 మందినీ పెట్టుకుంటాడు. ఉపాధి పోటీ ఉన్నప్పటి అంతే, కానీ ఆడవాళ్ళకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. మిల్లులో మనుషులు నిండుగా ఉన్నారు కాబట్టి అంతా బాగుంది అనుకోకూడదన్నది ఇందుకే. మూటకు ఇంత అని ఇచ్చే చోట కూడా లెక్క ఇదే, రోజు బదులు మూట పెట్టుకోండి.

మీ ఊళ్ళో నిజంగా జరుగుతున్నది మోనోప్సనీయేనా, లేక మిల్లే పేదదా? తక్కువ కూలీ కనిపించిన ప్రతి చోటా ఈ పేరు పెట్టకూడదు. మిషన్ పాతబడి, కాయ నాసిదై, మంచి పప్పుకూ నూనె పప్పుకూ ధరలో తేడా పడిపోతే MRPయే తగ్గిపోతుంది. అప్పుడు పోటీ ఉన్నా కూలీ తక్కువే. రెండింటినీ విడదీసే గుర్తు ఒకటుంది. పోటీ ఉన్న చోట మిల్లు తను ఇచ్చే రేటుకు ఎంతమంది కావాలో అంతమందిని తెచ్చుకుంటుంది, ఇంకొకరు వచ్చినా పెద్దగా పట్టించుకోదు. మోనోప్సనీలో అలా కాదు. 300కే ఇంకో మనిషి తనంతట తానే గేటు దగ్గరికి వస్తే సావుకారు సంతోషంగా పెట్టుకుంటాడు, ఎందుకంటే ఆమె వల్ల 445 వస్తుంది. అందుకే అలాంటి యజమాని ఏడాది పొడుగునా "పనోళ్ళు దొరకడం లేదప్పా" అంటుంటాడు, రేటు మాత్రం కదపడు. ఆ రెండు మాటలు ఒకే నోట ఏళ్ళ తరబడి వింటుంటే, అక్కడ MRPకీ కూలీకీ మధ్య పెద్ద ఖాళీ ఉందని అనుమానించవచ్చు. మీ అమ్మగారిని అడగండి, ఆమెకు తెలిసే ఉంటుంది.

రెండో గుర్తు, వేరే దారి తెరుచుకున్నప్పుడు ఏం జరిగిందన్నది. దీనికి మన జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఊళ్ళోనే ఇంకొక పని, దానికొక రేటు ఉంటే అంతకంటే తక్కువకు ఎవరూ మిల్లుకు రారు. అడిగిన వాళ్ళందరికీ 340 దొరికే పని ఉందనుకుంటే, మన సప్లై రేఖ 340 దగ్గర 38వ మనిషి దాకా పడుకున్నట్టు చదునైపోతుంది. చదునైన చోట పాతవాళ్ళకు పెంచాల్సింది ఉండదు, కాబట్టి సావుకారు 38 మంది దాకా పెట్టుకుంటాడు. ఎవరూ చట్టం చూపించకుండానే అది కనీస కూలీలా పని చేస్తుంది.

కానీ ఆ పని కాగితం మీద ఉంటే చాలదు. చేసిన పనికి డబ్బు రెండు మూడు నెలలకు వస్తే, బియ్యం కొనాల్సిన మనిషికి అది దారి కాదు. అది సావుకారుకు కూడా తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. అందువల్ల రెండు రకాల మండలాలనూ న్యాయంగా పోల్చి చూడడం కుదిరింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ దాన్ని అధ్యయనం చేశారు. చెల్లింపులు బాగుపడిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, ఆ పెరిగిన దాంట్లో 86 శాతం పథకం నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ప్రైవేటు కూలీ రేటు పెరిగింది, ప్రైవేటు పనులు తగ్గకపోగా అవీ పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళలో ఉపాధి పెరుగుదల ఇంకా ఎక్కువ. కూలీకి పిలిచేవాళ్ళు కొద్దిమందే ఉన్న ఊళ్ళు అవే మరి. కూలీ, ఉపాధి కలిసి పెరగడం మామూలు పోటీ బొమ్మలో కుదరదు. మనం పైన వేసిన లెక్కలో కుదురుతుంది. ఊళ్ళో డబ్బు తిరిగి, కొత్త అంగళ్ళు, చిన్న పనులు పుట్టడం వల్ల కూడా ఉపాధి కొంత పెరిగి ఉండవచ్చు, కాబట్టి మొత్తం మోనోప్సనీ ఖాతాలోనే వేయను.

పరీక్ష కోసం ఇంకో సంగతి. "మోనోప్సనిస్ట్ శ్రమ డిమాండ్ రేఖ గీయండి" అని అడిగితే తొందరపడి MRP రేఖ గీసి ఆ పేరు పెట్టకండి. డిమాండ్ రేఖ అంటే ఈ కూలీ దగ్గర ఎంతమందిని పెట్టుకుంటాడు అన్న దానికి జవాబు. ఈ యజమాని కూలీని ఎవరి దగ్గరి నుంచో తీసుకోడు, తానే సప్లై రేఖ మీద ఒక బిందువు ఎంచుకుంటాడు. సప్లై రేఖ వాలు మారితే అదే 300 దగ్గర వేరే సంఖ్య రావచ్చు. కాబట్టి అతనికి విడిగా డిమాండ్ రేఖ లేదు. బయటి నుంచి కూలీ కట్టడి చేసి, అది పోటీ కూలీ 375కు తగ్గకుండా ఉన్నప్పుడు మాత్రమే MRP రేఖ డిమాండ్ రేఖలా పని చేస్తుంది. 375కు లోపల కట్టడి చేస్తే వచ్చినవాళ్ళందరినీ పెట్టుకుంటాడు కాబట్టి సంఖ్యను సప్లై రేఖే తేలుస్తుంది, 340 దగ్గర 38 వచ్చింది అందుకే.

మీ ఊరి అంకెలతో ఈ లెక్క మళ్ళీ వేయాలంటే రెండు సంగతులు కనుక్కోండి. పోయినసారి రేటు పెంచినప్పుడు కొత్తగా ఎంతమంది వచ్చారన్నది ఒకటి, దాంతో సప్లై వాలు వస్తుంది. ఏరిన పప్పుకూ నూనెకు పోయే పప్పుకూ కేజీకి ధరలో తేడా ఎంత, ఒక మనిషి రోజుకు ఎన్ని కేజీలు ఏరుతుంది అన్నది రెండోది, దాంతో MRP సుమారుగా వస్తుంది. ఏరిన దాంట్లో తరుగు ఎంత పోతుందో కూడా అడిగి తీసేయండి, లేకపోతే MRP ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ రెండూ తెలిస్తే ఇక్కడ రాయండి, కలిసి లెక్క చూద్దాం.